ఫొటోలోని లెక్క టైపు చేయడం – 6వ పాఠం: ఆ గీత మైనసా, డాషా?

5వ పాఠం తర్వాత వచ్చిన టైపింగుల్లో తప్పులన్నీ దాదాపు ఒకే చోట పడ్డాయి. అనుమానం వచ్చిన గీతను ప్లస్‌లోని అడ్డగీతతో పోల్చి చూడమన్నాం. పొడవు సరిపోగానే చాలామంది మైనస్ కొట్టేసి ముందుకెళ్లారు. కొందరైతే పై లెక్కలోని ప్లస్ తీసుకుని కింది లెక్కలోని గీతను కొలిచారు. ఫోను వాల్చి తీసిన ఫొటోలో కాగితం పై అంచు కెమెరాకు దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడి గీతలన్నీ కురచగా పడతాయి. కొలవాలంటే అదే వరుసలోని ప్లస్‌తోనే కొలవాలి. అది లేకపోతే, అదే వరుసలోని ‘=’ గీతలతో.

అలా కొలిచినా పొడవుతో తేలేది కొంతే. ప్లస్ అడ్డగీత కంటే సగానికి తగ్గి, అక్షరాల మధ్య ఇరుక్కున్న గీత హైఫన్ కావచ్చు. అంతకు మించి చెప్పలేం. ప్రశ్న సంఖ్య పక్కన డాష్ పెట్టేవాళ్లు దాన్ని మైనస్ అంత పొడవుగానే, ‘=’ మధ్య ఎత్తులోనే గీస్తారు. చెయ్యి ఒకటే, పెన్ను ఒకటే. కాబట్టి ఆ గీత ఎడమ పక్కదా, కుడి పక్కదా అన్నది చూడాలి. రూళ్ల గీతలు, మడత నీడలు 4వ పాఠంలో అయిపోయాయి, మళ్లీ చెప్పను.

ఈ లెక్క చూడండి. ఫొటోలో ఇలా ఉంది:

4 - 3x + 7 = 1
జ :- 2

మధ్య మెట్లు లేవు. మొదటి వరుసను మూడు రకాలుగా చదవొచ్చు. 4 ప్రశ్న సంఖ్య, గీత డాష్ అనుకుంటే 3x + 7 = 1, x = -2 వస్తుంది. 4 ప్రశ్న సంఖ్యే కానీ గీత మైనస్ అనుకుంటే -3x + 7 = 1, x = 2. అసలు 4 కూడా సమీకరణంలోదే అనుకుంటే 11 - 3x = 1, x = 10/3. జవాబులో 2 ఉంది కాబట్టి మూడోది పోయింది. మిగతా రెండింటిలో గుర్తు తప్ప తేడా లేదు. అందుకే “జవాబు పూర్ణాంకం వచ్చింది, మనం చదివింది కరెక్టే” అనే వాదన ఇక్కడ పనికిరాదు. x పక్కనున్న సంఖ్య గుర్తు మారితే జవాబు గుర్తు మారుతుంది, అంకె అదే ఉంటుంది. రెండూ చక్కగానే కనిపిస్తాయి.

నేనైతే ముందు జవాబు వరుస దగ్గరే ఆగుతాను. నాకు చిరాకు తెప్పించేది అక్కడి ‘:-’. మన బడుల్లో ‘సాధన :-’, ‘సూత్రం :-’, ‘జ :-’ అని రాయడం చాలామందికి అలవాటు. ఆ డాష్ కోలన్‌కు తోక, లెక్కతో దానికి సంబంధం లేదు. కానీ దాని వెనకే 2 వస్తే, చూసేవాడికి -2 కనిపిస్తుంది. ‘జ :- 2’ అంటే 2 అయినా కావాలి, ‘జ : -2’ అయినా కావాలి. ఈ ఒక్క గీతను తప్పు చదివితే పైన సమీకరణాన్ని కూడా దానికి సరిపోయేలా చదివేస్తాం, రెండు తప్పులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. ఎన్నిసార్లు సరిచూసినా సరిపోతూనే ఉంటుంది. పట్టుకోవడం కష్టమయ్యేది అందుకే.

విడదీయడానికి పేజీలో ఇంకెక్కడైనా ‘:-’ ఉందేమో వెతకండి. ‘సాధన :-’ అని రాసి దాని తర్వాత అంకె లేకుండా కింది వరుసకు వెళ్లిపోతే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఆ రాసినవారికి డాష్ అలవాటని తేలిపోయింది. అలవాటున్నవారు నిజంగా -2 రాయాలంటే ‘జ :- -2’ అని రెండు గీతలు పెడతారు. అదీ దొరక్కపోతే ఖాళీలు చూడండి. గీత కోలన్‌కు అంటుకుని, అంకెకు దూరంగా ఉంటే కోలన్‌ది. అంకెకు అంటుకుని ఉంటే మైనస్ కావచ్చు. ఖాళీల సాక్ష్యం బలహీనమైనది, ఒక్కదాని మీదే నిలబడొద్దు.

మన ఫొటోలో పైన 3వ లెక్క ఉంది: ‘3   2x - 5 = 9’, కింద ‘జ :- 7’. 2x = 14, x = 7. ఈ వరుసను -7కు సరిపోయేలా చదివే దారే లేదు, కాబట్టి అక్కడి డాష్ కోలన్‌దే. ఇంకో సంగతి, 3 తర్వాత గీత లేదు. అంటే ఈ రాసినవారు ప్రశ్న సంఖ్యకు డాష్ పెట్టరు. పైగా నోట్‌బుక్ మార్జిన్ గీతకు ఎడమన 3, 4 ఉన్నాయి, మనం తేల్చాల్సిన గీత మార్జిన్ దాటి కుడి పక్కన, 3xకు ఆనుకుని ఉంది. మూడు సాక్ష్యాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి. సమీకరణం -3x + 7 = 1, జవాబు 2. ఇప్పుడు ప్రతిక్షేపించండి: -6 + 7 = 1.

ప్రతిక్షేపణ చివర్లోనే చేయమంటాను. పిల్లలు తప్పు జవాబు రాసి ఉండొచ్చు. మన పని రాసింది ఎక్కించడం, దిద్దడం కాదు. సరిపోకపోతే మన చదువే తప్పని అనుకోనక్కర్లేదు. మధ్య మెట్టు ఒక్కటి కనిపించినా జవాబు కంటే దాన్నే నమ్మండి: ‘3x = 6’ అని ఉంటే పైన మైనస్ ఉండే తీరాలి, ‘3x = -6’ అని ఉంటే అది డాష్.

ఒక్క లెక్కే ఉండి, మార్జిన్ లేక, మెట్లూ లేకపోతే? తేలదు. ఊహించి టైపు చేయొద్దు. ఫొటో పంపినవారిని “అది మైనసా?” అని అడిగితే చూడకుండానే ఔనంటారు. “దాని పైనా కిందా ఉన్న లెక్కలు కూడా వచ్చేలా ఇంకో ఫొటో పంపండి” అనండి.

తేలాక టైపింగు చిన్న పని. లేటెక్‌లో సమీకరణమంతా డాలర్ గుర్తుల లోపల ఉండాలి. బయట పడిన ‘-’ హైఫన్‌గానే అచ్చవుతుంది.

```
4. $-3x + 7 = 1$
```

వర్డ్‌లో మామూలు వాక్యం మధ్య మైనస్ కావాలంటే 2212 కొట్టి Alt+X నొక్కండి. హైఫన్ కీతో కొడితే వరుస చివర గీత మిగిలి, అంకె కింది వరుసకు జారిపోవచ్చు. పైథాన్ లాంటి కోడ్‌లోకి వెళ్లే లెక్కకు మాత్రం కీబోర్డు మీది హైఫనే ఉంచాలి, 2212 గుర్తు పెడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.

అభ్యాసం. తెల్ల కాగితం, మార్జిన్ లేదు, ‘సాధన’ అనే మాటే లేదు. మూడు లెక్కలు:

4 - y + 3 = 9   జ :- 6
5 - 2y - 4 = 6   జ :- 5
6 - y² - 9 = 0   జ :- 3, -3

ప్రతి వరుసనూ మూడు రకాలుగా చదివి సాధించండి. మొదటి రెండు లెక్కలు మీకు ఏమీ తేల్చవు, ఎందుకు తేల్చవో ఒక వాక్యంలో రాయండి. మూడోది రెండు గీతల సంగతీ తేలుస్తుంది. ఏ గీతను ముందు తేల్చారో, దేని ఆధారంతోనో రాసి పంపండి. జవాబు మాత్రమే పంపితే చూడను.