దుకాణం చేతులు మారేటప్పుడు గుడ్‌విల్ ఎలా లెక్కించాలి?

గుడ్‌విల్ అంటే సరుకు, సామాన్ల విలువ కాక దుకాణం పేరుకూ అలవాటైన ఖాతాదారులకూ కట్టే ధర. దుకాణం అమ్మేవారు సాధారణంగా ఆ ధర ఇలా చెబుతారు: నాలుగేళ్ల లాభాలు కూడతారు, నాలుగుతో భాగిస్తారు, మూడుతో గుణిస్తారు, కాగితం చేతిలో పెడతారు. కొనేవారు అందులో సగం ఇస్తామంటారు. ఆ సగం ఏ లెక్కన వచ్చిందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. మధ్యవర్తి మాట మీద బేరం కుదురుతుంది, ఏడాది తిరగకముందే మాటామాటా వస్తుంది. గుడ్‌విల్ లెక్కకు సగటు లాభాలు, అధిక లాభాలు, మూలధనీకరణ అని మూడు పద్ధతులున్నాయి, మూడూ ఇంటర్ కామర్స్ పుస్తకంలో ఉన్నవే. సూత్రాలు తెలియక ఎవరూ నష్టపోవడం లేదు. సూత్రంలో పెట్టే లాభం అంకెను సరిచూడకపోవడం వల్లే నష్టపోతున్నారు.

ఒక ఉదాహరణతో చెబుతాను. అనంతపురం పాతూరులో ఒక ఎరువులు, పురుగుమందుల దుకాణం అమ్మకానికి ఉందనుకోండి. యజమాని ఒక్కరే, భవనం ఆయన సొంతం. భవనం అమ్మరు, అద్దెకు ఇస్తారు.

ముందుగా కావలసినవి

నాలుగేళ్ల లాభనష్టాల ఖాతాలు, ఆస్తి అప్పుల పట్టీలు, జీఎస్టీ రిటర్నులు, బాకీల పుస్తకం. నాలుగేళ్లకు తగ్గితే లెక్క మొదలుపెట్టకండి. రెండేళ్ల లాభాల మీద గుడ్‌విల్ కట్టడం మన జిల్లాల్లో అసలు పనికిరాదు, కారణం కింద వస్తుంది.

మన ఉదాహరణలో పుస్తకాల ప్రకారం లాభాలు ఇవి: 2021-22లో 12 లక్షలు, 2022-23లో 15.20 లక్షలు, 2023-24లో 9.40 లక్షలు, 2024-25లో 14.80 లక్షలు. సగటు 12.85 లక్షలు. అన్నీ ఆదాయపు పన్నుకు ముందువే. కింద వాడే రేట్లు కూడా పన్నుకు ముందువే.

అసలు పని: లాభాన్ని సరిచేయడం

ఇక్కడ తొందరపడకండి. ఈ దశకు ఒక పూట పట్టినా ఫరవాలేదు. మిగతా లెక్కంతా పది నిమిషాల పని.

మొదట ప్రతి ఏడాదిలోనూ మళ్లీ రాని అంకెలు వెతకండి. 2022-23లో పాత వ్యాను అమ్మగా వచ్చిన 1.20 లక్షల లాభం కలిసి ఉంది. అది ఎరువులు అమ్మి సంపాదించినది కాదు, తీసేయాలి. మిగిలేది 14 లక్షలు. 2023-24లో గోదాము పైకప్పు కారి తడిసిన సరుకు నష్టం 60 వేలు రాశారు. అదీ మళ్లీ మళ్లీ జరిగేది కాదు కాబట్టి తిరిగి కలపాలి. అప్పుడు 10 లక్షలు. సరిచేయడమంటే తగ్గించడమే అనుకునే కొనుగోలుదారులు ఇలాంటివి చూసీ చూడనట్టు వదిలేస్తారు. అది న్యాయం కాదు.

తర్వాత ముగింపు సరుకు చూడండి. పురుగుమందుల దుకాణంలో లాభం పెరిగినట్టు చూపడానికి అన్నిటికన్నా తేలికైన చోటు ఇదే. 2024-25 చివరి సరుకు జాబితా తీసుకుని బీరువాల దగ్గర నిలబడండి, సీసా సీసా తిప్పి గడువు తేదీ చదవండి. ఆ ఏడాదే గడువు తీరిన మందులు 80 వేల రూపాయలవి కొన్న ధరకే జాబితాలో ఉన్నాయి. వాటిని కంపెనీ వెనక్కి తీసుకుంటుందన్న ఉత్తరం ఉంటే సరే, లేకపోతే లాభంలోంచి తీసేయాలి. 14.80 కాస్తా 14 లక్షలైంది.

మరి కరువు సంవత్సరం సంగతేమిటి? గట్టి తగాదా వచ్చేది ఇక్కడే. 2023 ఖరీఫ్‌లో వానలు మొహం చాటేశాయి, జిల్లాలో చాలా మండలాలను ప్రభుత్వం కరువు మండలాలుగా ప్రకటించింది. అమ్మేవారు ‘ఆ ఏడాది అసాధారణం, లెక్కలోంచి తీసేయండి’ అంటారు. తీసేయకూడదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో కరువు అసాధారణం కాదు, వ్యాపారంలో భాగం. కారిన పైకప్పు మరమ్మతు చేస్తే ఆగుతుంది. వాన రాకపోవడాన్ని ఏ యజమానీ ఆపలేడు. కొత్త యజమానికీ అది వస్తుంది. కనీసం నాలుగేళ్లు కావాలని పట్టుబట్టేది అందుకే. మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు రెండూ లెక్కలో పడాలి. చివరి ఏడాదికి ఎక్కువ బరువు ఇచ్చే సగటు కూడా ఇక్కడ వద్దు. లాభాలు ఏటేటా పెరుగుతూ వచ్చే వ్యాపారానికి అది తగును, వాన మీద ఆధారపడిన దానికి తగదు.

ఇప్పుడు నాలుగేళ్లు 12, 14, 10, 14. మొత్తం 50 లక్షలు, సగటు 12.50 లక్షలు.

ఇంకా అయిపోలేదు. యజమాని పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు, జీతం రాసుకోలేదు. సొంత భవనం కాబట్టి అద్దె కూడా రాయలేదు. ఈ రెండూ లాభం కాదు, ఆయన శ్రమకూ ఆయన భవనానికీ రావలసిన సొమ్ము. పురుగుమందుల లైసెన్సుకు నిర్దేశిత విద్యార్హత ఉన్న మనిషి ఉండాలి కదా, అలాంటి వ్యక్తికి నెలకు 25 వేల చొప్పున ఏడాదికి 3 లక్షలు. అద్దె నెలకు 12,500 చొప్పున 1.50 లక్షలు. ఇవి తీసేస్తే మిగిలేది 8 లక్షలు. ఇకముందు నిలబడుతుందని చెప్పగలిగిన లాభం ఇదే. మొదట చూపిన 12.85 లక్షలకూ దీనికీ ఎంత తేడానో గమనించండి.

అద్దె తీసేశారు కాబట్టి భవనం విలువను పెట్టుబడిలో కలపకండి. అద్దె తీసేసి భవనాన్ని కూడా పెట్టుబడిలో చూపితే అమ్మేవారికి రెండుసార్లు దెబ్బ తగులుతుంది. అద్దె తీయకుండా, భవనమూ కలపకుండా వదిలేస్తే కొనేవారు మునుగుతారు. ఆడిటర్ల కాగితాల్లో సైతం ఈ పొరపాటు కనిపిస్తూ ఉంటుంది.

పెట్టుబడి, సాధారణ లాభం

సరుకు 22 లక్షలు, గడువు తీరినవి పోగా. రైతుల బాకీలు 18 లక్షలు. రాని బాకీలను ఏ ఏటికా ఏడు కొట్టేసిన దుకాణం ఇది. అలా కొట్టేయకపోతే వాటిని పెట్టుబడిలోంచే కాదు, లాభంలోంచి కూడా తీయాలి. ర్యాకులు, తూకాలు 2 లక్షలు, బ్యాంకులో 2 లక్షలు. కంపెనీలకు ఇవ్వాల్సినవి 4 లక్షలు తీసేస్తే వినియోగంలో ఉన్న మూలధనం 40 లక్షలు.

ఇంత డబ్బు ఇలాంటి వ్యాపారంలో పెడితే మామూలుగా ఎంత రావాలి? బ్యాంకు డిపాజిట్‌లో 7 శాతం వస్తుందనుకుంటే, అప్పు ఇచ్చి వానకోసం ఎదురుచూసే వ్యాపారానికి మరో 8 శాతం కలిపి 15 శాతం తీసుకుంటాను. యజమాని శ్రమకు జీతం ముందే తీసేశాం, దాన్ని మళ్లీ ఈ రేటులో కలపకూడదు. 40 లక్షల మీద 15 శాతం అంటే 6 లక్షలు. నిలబడే లాభం 8 లక్షలు. తేడా 2 లక్షలే అధిక లాభం, ఆడిటర్ల మాటలో సూపర్ ప్రాఫిట్.

మూడు పద్ధతుల్లో ఎంత వస్తుంది?

సగటు లాభాల పద్ధతిలో 8 లక్షలను మూడేళ్లతో గుణిస్తే 24 లక్షలు. సరిచేయని 12.85 లక్షలతో అయితే 38.55 లక్షలు. అమ్మేవారు మొదట చెప్పే ధర సాధారణంగా ఈ రెండోది. అధిక లాభాల పద్ధతిలో 2 లక్షలు మూడేళ్లకు 6 లక్షలు. మూలధనీకరణ పద్ధతిలో 8 లక్షల లాభం 15 శాతం చొప్పున రావాలంటే 53.33 లక్షల పెట్టుబడి కావాలి. ఉన్నది 40 లక్షలు, తేడా 13.33 లక్షలు. అధిక లాభం 2 లక్షలను నేరుగా 15 శాతంతో మూలధనీకరించినా అదే 13.33 వస్తుంది. రాకపోతే కూడికలో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. అందుకే రెండు విధాలా చేసి చూడండి.

సగటు లాభాల పద్ధతిని బేరంలో వాడకండి. కొనేవారు సరుకుకూ బాకీలకూ 40 లక్షలు ఎలాగూ చెల్లిస్తున్నారు. ఆ 40 లక్షలు మామూలుగా తెచ్చే 6 లక్షల లాభానికి మళ్లీ గుడ్‌విల్ పేరుతో డబ్బు ఎందుకివ్వాలి? పొలం ధర కట్టించుకుని, అందులో పండే పంటకు వేరే డబ్బు అడిగినట్టుంటుంది. పెట్టుబడి పెద్దగా అవసరం లేని వృత్తుల్లో, ఆడిటర్ ఆఫీసు లాంటి చోట్ల మాత్రం దానికి కొంత అర్థముంది.

అమ్మేవారి వైపు, కొనేవారి వైపు

అమ్మేవారికి మూలధనీకరణ ఇష్టం. ఎందుకంటే అది అధిక లాభం ఎప్పటికీ వస్తూనే ఉంటుందని అనుకుంటుంది. కొనేవారు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ 2 లక్షలు దుకాణానివా, మనిషివా? కూడేరు నుంచో గార్లదిన్నె నుంచో వచ్చే రైతు యజమాని ముఖం చూసి వస్తున్నాడు, అప్పు ఆయన మాట మీద తీసుకుంటున్నాడు. యజమాని మారాక మొదటి రెండు ఖరీఫ్‌లు పాత అలవాటు కొద్దీ వస్తాడు. మూడోసారికి కొత్తవారి మందునూ మాటనూ బట్టి నిర్ణయించుకుంటాడు. అందుకే నా లెక్క మూడేళ్లు. రెండు తక్కువ, అయిదు అత్యాశ.

రేటుతో ఆడేవారిని కనిపెట్టి ఉండండి. 15కు బదులు 12 శాతం పెడితే అధిక లాభం 3.20 లక్షలవుతుంది, మూలధనీకరణ గుడ్‌విల్ 26.67 లక్షలకు ఎగబాకుతుంది. 20 శాతం పెడితే సాధారణ లాభమే 8 లక్షలు, గుడ్‌విల్ సున్నా. మూలధనీకరణలో రేటు రెండు చోట్ల పనిచేస్తుంది కాబట్టి ఒక్క శాతం మారినా లక్షలు కదులుతాయి. కరువు ఏడాదిని తీసేస్తే కూడా ఇంతే: సగటు 13.33, జీతం, అద్దె పోగా 8.83, అధిక లాభం 2.83 లక్షలు, మూడేళ్లకు 8.50. అదే మూలధనీకరణలో 18.89 లక్షలు. కాబట్టి ముందు రేటు, సరిచేసిన లాభం రెండింటినీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. గుడ్‌విల్ ఎంతో తేలాక రేటు గురించి మాట్లాడటానికి ఎవరూ ఒప్పుకోరు.

మన ఉదాహరణలో 6 లక్షల నుంచి 13.33 లక్షల మధ్యే బేరం సాగాలి. నేనైతే 6 దగ్గర మొదలుపెట్టి, అమ్మేవారు ఏమి రాసిస్తారన్నదాన్ని బట్టి పైకి వెళతాను. గుడ్‌విల్ అమ్మిన వ్యక్తి ఫలానా ప్రాంతంలో అదే వ్యాపారం చేయనని ఒప్పుకుంటే, ఆ షరతు సమంజసంగా ఉన్నంతవరకు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దాన్ని అనుమతిస్తుంది. ఆ ప్రాంతం పేరు పత్రంలో తప్పక ఉండాలి. ‘అనంతపురం నగరంలో మూడేళ్లు’ అని రాసిచ్చి, మొదటి ఖరీఫ్ అంతా గల్లా పక్కన కూర్చుని రైతులను పరిచయం చేస్తానంటే 9 లక్షల దాకా ఇవ్వవచ్చు. ఏదీ రాయనంటే 6 కూడా ఎక్కువే.

పన్ను సంగతి ఇద్దరూ ముందే చూసుకోవాలి. సొంతంగా పెంచుకున్న గుడ్‌విల్‌కు కొనుగోలు ఖర్చు సున్నా, కాబట్టి అమ్మేవారికి వచ్చిందంతా మూలధన లాభమే. కొనేవారికి 2021 బడ్జెట్ తర్వాత గుడ్‌విల్ మీద తరుగుదల దొరకదు. ఎరువులు, పురుగుమందుల లైసెన్సులు కూడా కొన్నవారి పేరిట కొత్తగా తెచ్చుకోవాలి. అవి చేతికి వచ్చే దాకా గుడ్‌విల్ సొమ్ములో సగానికి మించి ఇవ్వకండి. మిగతా సగం మొదటి ఖరీఫ్ ముగిసి, బాకీల పుస్తకంలో పాత రైతుల పేర్లు మళ్లీ కనిపించాక ఇస్తామని పత్రంలోనే రాయించండి.