అమెరికా వెళ్లాక రిమైండర్లు తప్పు వేళకు మోగుతున్నాయా? గడియారం కాదు, దాని కింది వరుస చూడండి

ఏటా రెండు మూడు సార్లైనా ఇదే ఫోన్ వస్తుంది నాకు. "నాన్నగారు వచ్చి వారమైంది, ఫోన్‌లో టైమ్ కరెక్టుగానే ఉంది, కానీ రిమైండర్లు ఎప్పుడో మోగుతున్నాయి." టైమ్ జోన్ ఏం చూపిస్తోందని అడుగుతాను. "టైమ్ కరెక్టుగానే ఉంది" అని మళ్లీ అదే జవాబు. నేనడిగింది టైమ్ కాదు, టైమ్ జోన్. సెట్టింగ్స్‌లో ఆ రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది అందరూ చూస్తారు, కిందిది ఎవరూ చూడరు.

ముందు తేడా ఎంతో లెక్కపెట్టండి

రిమైండర్ రావాల్సిన వేళకూ వచ్చిన వేళకూ మధ్య తేడా ఎంతో చూస్తే సగం పని అయిపోయినట్టే. ఆ తేడా సరిగ్గా మన దేశానికీ మీరున్న ఊరికీ మధ్య ఉన్న తేడాతో సమానమైతే గొడవ టైమ్ జోన్‌ది. ఉదాహరణకు డాలస్‌లో గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి టైమ్ నడుస్తున్నప్పుడు ఆ తేడా పదిన్నర గంటలు, దుబాయ్‌లో గంటన్నర, సింగపూర్‌లో రెండున్నర. సరిగ్గా గంట తేడా వస్తే అది వేసవి టైమ్ మారడం వల్ల, దాని సంగతి కింద చెబుతాను. సరిగ్గా 12 గంటలైతే పెట్టేటప్పుడే ఏఎం, పీఎం తారుమారు చేశారు. ఒకరోజు ఏడు నిమిషాలు, ఇంకోరోజు నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంటే దానికీ ప్రయాణానికీ సంబంధం లేదు, బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను పడుకోబెడుతోంది. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే చాలు.

అలారం సరిగ్గా మోగుతుంది, క్యాలెండర్ మాత్రం గంటల తేడాతో వస్తుంది

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. మా మామయ్యగారి ఫోన్‌తో జరిగింది కాబట్టి ఆ కథే చెబుతాను.

ఆయన అక్టోబరులో హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చారు. బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని క్యాలెండర్‌లో రెండు పెట్టుకున్నారు. రోజూ ఉదయం 8:00కు బీపీ మాత్ర ఒకటి, ప్రతి శనివారం సాయంత్రం 6:00కు హైదరాబాద్ వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే గీత క్లాసు ఇంకొకటి. ఆ క్లాసు డాలస్‌లో ఉదయం 7:30 అవుతుంది.

ఆయన ఫోన్‌లో ఇండియా సిమ్ ఉంది. బ్యాంకు ఓటీపీల కోసం తీయలేదు, బిల్లు భయంతో రోమింగ్ వేయలేదు. ఇంట్లో వైఫై ఉంది కదా, అది చాలు అనుకున్నారు. చిక్కు మొదలైంది ఇక్కడే. మనం ఏ టైమ్ జోన్‌లో ఉన్నామన్నది ఫోన్‌కు ఎక్కువగా మొబైల్ నెట్‌వర్క్ చెబుతుంది. సిమ్ అక్కడి టవర్‌కు తగులుకోకపోతే చెప్పేవాళ్లు లేరు. వైఫై నుంచి టైమ్ వస్తుందిగానీ, ఊరు మారిందన్న కబురు దానితో రాదు. అందుకే డాలస్‌లో దిగినా ఫోన్ హైదరాబాద్ టైమే చూపిస్తూ కూర్చుంది.

మామయ్యగారు రెండు రోజులు ఓపిక పట్టి, మూడోరోజు `Set time automatically` ఆపేసి, గోడ గడియారం ముల్లు తిప్పినట్టు టైమ్‌ను పదిన్నర గంటలు వెనక్కి జరిపారు. స్క్రీన్ మీద డాలస్ టైమ్ వచ్చింది. ఆయనకు సంతోషం, మాకూ సంతోషం.

మర్నాడు ఉదయం 8:00కు మాత్ర రిమైండర్ ఠంచనుగా మోగింది. అలారాలూ సరిగ్గానే మోగాయి. ఇంకేం అనుమానం వస్తుంది? శనివారం వచ్చింది. క్లాసు రిమైండర్ సాయంత్రం 6:00కు మోగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఇయర్‌ఫోన్ తగిలించుకుని లింకు నొక్కితే లోపల ఎవరూ లేరు. క్లాసు పదిన్నర గంటల కిందటే మొదలై ముగిసిపోయింది. "వాళ్లు టైమ్ మార్చి నాకు చెప్పలేదు" అని ఆ క్లాసు వాళ్ల మీద ఒక వారమంతా అలిగారు.

జరిగింది ఇది. ఫోన్ లోపల ఒకే గడియారం నడుస్తుంది, ప్రపంచమంతటికీ కలిపి ఉన్న యూటీసీ. మనకు కనిపించే టైమ్ దానికి టైమ్ జోన్ కలిపి వేసి చూపించేది మాత్రమే. జోన్ ఇండియాగా ఉంచి ముల్లు వెనక్కి తిప్పితే, "మనిషి డాలస్‌లో ఉన్నాడు" అని ఫోన్‌కు అర్థం కాదు. "ఇండియాలో ఇప్పుడు ఉదయం 8:00 అయింది" అని అర్థమవుతుంది. అంటే లోపలి గడియారమే పదిన్నర గంటలు వెనకబడిపోతుంది. డాలస్‌లో ఉదయం 8:00 అంటే నిజానికి యూటీసీ 13:00, ఈ ఫోన్ లెక్కలో మాత్రం 2:30. ఇక క్యాలెండర్ ఇండియా సాయంత్రం 6:00 కోసం ఎదురుచూస్తూ, స్క్రీన్ మీద 6:00 పడ్డాకే మోగుతుంది.

ఈ తప్పు అంత సులువుగా దొరకకపోవడానికి కారణం మాత్ర రిమైండరే. అది సరైన వేళకు మోగింది కదా! కానీ మోగింది తప్పు గడియారం పుణ్యాన. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక నిమిషం చాలు. క్లాక్ యాప్‌లో వరల్డ్ క్లాక్ తెరిచి హైదరాబాద్, లేకపోతే కోల్‌కతా కలపండి. అక్కడ కూడా మీ ఫోన్ టైమే చూపిస్తే జోన్ ఇంకా ఇండియాలోనే ఉంది. అమెరికాలో ఉదయం 8:00, హైదరాబాద్‌లోనూ ఉదయం 8:00 ఎలా అవుతుంది? ఇవి కూడా గుర్తులే: వాట్సాప్ మీ ఫోన్ తేదీ తప్పుగా ఉందని గోల పెట్టడం, కొన్ని వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోకపోవడం, ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పనడం. ఇవన్నీ లోపలి గడియారం మీదే నడుస్తాయి.

సరిచేసేది ఇలా

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి `Date & time` తెరవండి. కంపెనీని బట్టి పేర్లు కొద్దిగా మారతాయి. ముందు `Set time automatically` మళ్లీ ఆన్ చేయండి. టైమ్ ఒక్కసారిగా హైదరాబాద్ టైమ్‌కు గెంతుతుంది. కంగారుపడి వెనక్కి తిప్పకండి, లోపలి గడియారం సరైందని అర్థం. తర్వాత `Use location to set time zone` కనిపిస్తే ఆన్ చేయండి, సిమ్ లేకున్నా లొకేషన్ చూసి జోన్ మార్చుకుంటుంది. కనిపించకపోతే `Set time zone automatically` ఆపి, చేత్తో జోన్ ఎంచుకోండి. డాలస్ పేరు జాబితాలో ఉండకపోవచ్చు, అమెరికా కింద చికాగో ఎంచుకోండి, రెండూ ఒకే జోన్.

ఐఫోన్‌లో `General` కింద `Date & Time`లో `Set Automatically` ఆన్ చేయాలి. అయినా జోన్ మారకపోతే లొకేషన్ సర్వీసెస్ చివర `System Services`లో `Setting Time Zone` ఆపేసి ఉందేమో చూడండి.

చేశాక, డాలస్‌లో వేసవి టైమ్ అయితే వరల్డ్ క్లాక్‌లో హైదరాబాద్ మీకన్నా పదిన్నర గంటలు ముందుండాలి. అప్పుడే పని అయినట్టు. చేత్తో జోన్ పెట్టినవాళ్లు తిరుగు ప్రయాణంలో ఆటోమేటిక్‌కు మార్చడం మరచిపోకండి. లేకపోతే శంషాబాద్‌లో దిగినా ఫోన్ చికాగోలోనే ఉంటుంది, మళ్లీ ముల్లు తిప్పే కార్యక్రమం మొదలవుతుంది.

జోన్ సరిచేశాక మాత్ర రిమైండర్ రాత్రి మోగింది

ఇక్కడ తప్పు నాది. జోన్ సరిచేసి, క్లాసు 7:30కు వస్తోందని చూసి ఫోన్ ఇచ్చేశాను. ఆ రాత్రి 9:30కు మాత్ర రిమైండర్ మోగింది. ఉదయం ఒకటి వేసుకున్న మామయ్యగారు, "ఫోన్ చెబుతోంది కదా" అని నీళ్ల గ్లాసుతో సహా సిద్ధమయ్యారు. మా ఆవిడ చూసి ఆపింది.

క్యాలెండర్ తన పని తాను సరిగ్గానే చేసింది. ఇంట్లో పెట్టిన ఉదయం 8:00 అంటే ఇండియా ఉదయం 8:00. అది డాలస్‌లో ముందురోజు రాత్రి 9:30. క్యాలెండర్‌లో పెట్టిన ప్రతిదీ పెట్టినప్పటి జోన్‌కు ముడిపడి ఉంటుంది. క్లాసుకు కావాల్సింది అదే. మాత్రకు కావాల్సింది వేరు, మనిషి ఎక్కడుంటే అక్కడి ఉదయం 8:00.

అందుకని మాత్రలు, వాకింగ్, నిద్రలేవడం లాంటివి క్లాక్ యాప్‌లో రోజూ మోగే అలారంగా పెట్టండి. అలారానికి జోన్ ముడి ఉండదు, ఏ ఊరి 8:00 అయితే ఆ 8:00కు మోగుతుంది. అలారానికి మాత్ర పేరు కూడా పెట్టవచ్చు. క్యాలెండర్‌లో ఉన్న పాత మాత్ర రిమైండర్‌ను తీసేయండి. తీసేటప్పుడు ఆ ఒక్కరోజుదే తీయాలా, ఇకమీదట వచ్చేవన్నీనా అని అడుగుతుంది, అన్నీ అని చెప్పండి. ఇంకొకరితో కలిసి చేసేవి, అంటే క్లాసులు, ఫోన్ కాల్స్, డాక్టరు ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్లు, క్యాలెండర్‌లోనే ఉంచండి.

ప్రయాణం జరిగే రోజున మాత్రల మధ్య ఎన్ని గంటలు ఎడం ఉండాలో ఏ యాప్ చెప్పదు. ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.

నవంబరులో సరిగ్గా గంట తేడా వస్తుంది

అమెరికాలో వేసవి టైమ్ నవంబరు మొదటి ఆదివారంతో ముగిసి, మార్చి రెండో ఆదివారం మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర ఆ మార్పు లేదు. కాబట్టి డాలస్‌లో ఆ ఆదివారం నుంచి తేడా పదకొండున్నర గంటలవుతుంది, 7:30 క్లాసు 6:30కు వస్తుంది. ఇండియా జోన్‌లో పెట్టింది దానంతటదే జరుగుతుంది. డాలస్ వచ్చాక "శనివారం ఉదయం 7:30 క్లాసు" అని కొత్తగా పెట్టుకున్నవాళ్లకు మాత్రం 7:30కే మోగుతుంది, అప్పటికి క్లాసు మొదలై గంటవుతుంది. ఆ ఈవెంట్‌ను ఎడిట్ చేసి, టైమ్ కింద ఉన్న జోన్‌ను ఇండియాకు మార్చి, టైమ్ సాయంత్రం 6:00 అని పెట్టండి.

ఇవి అరుదు

క్యాలెండర్‌లో అన్నీ ఇండియా టైమ్‌లో కనిపిస్తున్నాయిగానీ మోగడం మాత్రం సరైన వేళకే మోగుతున్నాయంటే, గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో `Use device's time zone` ఆపేసి ఉంది. అది చూపించే తీరు మాత్రమే, ఆన్ చేయండి. చేతికి పెట్టుకున్న వాచీ పాత టైమ్‌కే మోగుతుంటే, ఫోన్‌తో ఒకసారి మళ్లీ కలపండి.