స్టార్టప్ ఆఫర్‌పై సంతకం చేసే ముందు ఈసాప్స్ గురించి తేల్చుకోవలసినవి

హైదరాబాదులోని ఒక స్టార్టప్ మీకు ఏడాదికి 28 లక్షల జీతం, దానితో పాటు "నాలుగేళ్లలో 12 లక్షల విలువైన ఈసాప్స్" ఇస్తామని చెప్పిందనుకుందాం. ఈ రెండో అంకె జీతం లాంటిది కాదు. భవిష్యత్తులో కంపెనీ షేర్లను ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే హక్కుకు ఎవరో కట్టిన లెక్క అది. ఆ లెక్క ఎలా కట్టారో రిక్రూటరు చెప్పేదాకా దాన్ని ప్యాకేజీలో కలుపుకోకండి.

మొదట అడగవలసింది మూడు అంకెలు: ఎన్ని ఆప్షన్లు ఇస్తున్నారు, ఒక్కో షేరుకు మీరు కట్టవలసిన ఎక్సర్‌సైజ్ ధర ఎంత, ఆప్షన్లన్నీ కలుపుకుని కంపెనీ మొత్తం షేర్లు ఎన్ని. పై ఆఫర్‌లో 2,000 ఆప్షన్లు ఉన్నాయని, గత ఫండింగ్ రౌండులో పెట్టుబడిదారులు షేరుకు 600 రూపాయలు పెట్టారని తేలితే 12 లక్షల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. కానీ ఎక్సర్‌సైజ్ ధర 250 రూపాయలైతే మీకు మిగిలేది షేరుకు 350 మాత్రమే, అంటే కాగితం మీద కూడా 7 లక్షలే. మొత్తం షేర్లు 10 లక్షలైతే మీ వాటా 0.2 శాతం. మొత్తం షేర్ల సంఖ్య చెప్పడానికి కంపెనీ ఇష్టపడకపోతే కనీసం వాటా శాతమైనా అడగండి. అదీ చెప్పకపోతే ఆ ఈసాప్స్‌ను సున్నాగా లెక్కించి, జీతం ఒక్కటే చూసి నిర్ణయించుకోవడం మంచిది.

ఆప్షన్లను వాడుకునే హక్కు విడతలుగా మీకు దక్కడాన్ని వెస్టింగ్ అంటారు. ఆ విషయంలో ఎక్కువమంది "నాలుగేళ్లు, మొదటి ఏడాది క్లిఫ్" అన్న మాట, అంటే మొదటి ఏడాది నిండేదాకా ఏమీ దక్కదన్నది, విని ఊరుకుంటారు. అడగవలసిన అసలు ప్రశ్న ఆ ఏడాది ఏ తేదీ నుంచి మొదలవుతుందన్నది. ఆఫర్ లెటర్‌లో రాసినంత మాత్రాన ఆప్షన్లు మీ చేతికి వచ్చినట్టు కాదు. కంపెనీ ఆమోదం పొంది గ్రాంట్ లెటర్ ఇచ్చినప్పుడే వస్తాయి. మన కంపెనీల చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం గ్రాంటుకూ వెస్టింగుకూ మధ్య కనీసం ఒక ఏడాది ఉండాలి. మీరు జూన్ 1న చేరితే, గ్రాంట్ నవంబర్ 1న ఇస్తే, మరుసటి నవంబర్ దాకా ఒక్క ఆప్షనూ వెస్ట్ కాదు. దానికి ముందు ఆగస్టులో ఉద్యోగం పోతే, పద్నాలుగు నెలలు పనిచేసి కూడా ఖాళీ చేతులతో బయటికి రావలసి వస్తుంది. కాబట్టి "గ్రాంట్ లెటర్ ఎన్నాళ్లలో ఇస్తారండీ?" అని అడిగి, జవాబును ఈమెయిల్‌లో రాయించుకోండి.

అందరూ మరచిపోయేది, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఉద్యోగం మానేశాక వెస్ట్ అయిన ఆప్షన్లను వాడుకోవడానికి ఇచ్చే గడువు. చాలా పథకాల్లో అది 90 రోజులే. గ్రాంట్ వచ్చిన రెండేళ్లకు మీరు మానేస్తే, వెస్ట్ అయిన 1,000 ఆప్షన్లకు 2.5 లక్షలు కట్టాలి. ఆ రోజున మర్చంట్ బ్యాంకర్ కట్టిన విలువ షేరుకు 600 అయితే, తేడా 3.5 లక్షలను మీ జీతంలో భాగంగా చూసి పన్ను వేస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి అది సుమారు 1.09 లక్షలు. ఎవరికీ అమ్ముకోలేని షేర్ల కోసం మూడు నెలల్లో దాదాపు 3.6 లక్షలు సొంత డబ్బు పెట్టాలన్నమాట. స్టార్టప్‌లకు పన్ను వాయిదా ఉందని కొందరు రిక్రూటర్లు భరోసా ఇస్తారు. అది ప్రత్యేక ధ్రువపత్రం ఉన్న కొన్ని కంపెనీలకే వర్తిస్తుంది; పైగా ఉద్యోగం మానగానే ఆ వాయిదా ముగుస్తుంది. అందుకే గడువు ఎన్నాళ్లో ఈసాప్ పథకం ప్రతిలోనే చూపించమనండి.

ఫండింగ్ గురించి అడిగేటప్పుడు "సిరీస్ ఎ" అని రౌండు పేరు మాత్రం చెప్పే జవాబుతో తృప్తి పడకండి. చివరి రౌండు ఎప్పుడు ముగిసింది, ఇప్పుడున్న ఖర్చుతో చేతిలోని డబ్బు ఎన్ని నెలలు వస్తుంది, ఇప్పటిదాకా మొత్తం ఎంత తెచ్చారు అన్నవి అడగండి. మూడోది ఎందుకంటే, కంపెనీని అమ్మినప్పుడు పెట్టుబడిదారులు సాధారణంగా తమ సొమ్ము ముందుగా తీసుకునే హక్కు రాయించుకుంటారు. 25 కోట్లు తెచ్చిన కంపెనీ 20 కోట్లకే అమ్ముడుపోతే, అలాంటి ఒప్పందం ఉన్నచోట మీ 0.2 శాతానికి మిగిలేది ఏమీ ఉండదు. చెప్పిన రౌండు నిజమో కాదో కొంతవరకు మీరే చూసుకోవచ్చు: కొత్త షేర్లు కేటాయించినప్పుడు కంపెనీ దాఖలు చేసే PAS-3 ఫారం, కొద్దిపాటి రుసుము కడితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో దొరుకుతుంది.

ఈ వివరాలన్నీ రిక్రూటరుకు తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. "ఫైనాన్స్ వారిని అడిగి చెప్పగలరా, అంతవరకు సంతకం ఆపుతాను" అని మర్యాదగా రాయండి. ఆఫర్ నోటిమాటగా ఖాయమై, సంతకం ఇంకా పెట్టని ఆ కొద్ది రోజులే ఈ ప్రశ్నలకు సరైన సమయం.