మార్కుల మెమోలో టోటల్‌కీ పర్సంటేజీకీ పొంతన లేకపోతే లెటర్ ఎలా రాయాలి?

మెమో చేతికి రాగానే అందరి కళ్లూ పర్సంటేజీ మీదికే వెళ్తాయి. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి మాత్రం పక్కనున్న టోటల్ కూడా చూసింది. టోటల్ 438, పర్సంటేజీ 76.33. ఆరు సబ్జెక్టులు, ఒక్కోటి వంద మార్కులు. ఆరువందలకి 438 అంటే 73 శాతమే కదా!

"ఎక్కువ పడిన పర్సంటేజీ గురించి మనమే వెళ్లి చెప్తే తగ్గించేస్తారు, ఊరుకోమంటున్నారండి నాన్నగారు" అంది.

కాలేజీ ఆఫీసులో పరీక్షల సెక్షన్ చూసినవాణ్ణి కాబట్టి ఊరుకోవద్దనే చెప్పాను. ఇవాళ మనం వదిలేసిన తేడా రేపు ఉద్యోగానికి సర్టిఫికెట్లు పరిశీలించేటప్పుడు బయటపడుతుంది. అప్పుడు మెమో దిద్దుకున్నావా అని అడిగేది మనల్నే.

ముందు వెనక్కి లెక్క కట్టండి

లెటర్ రాసేముందు ఏ అంకె తప్పో తేల్చుకోవాలి. పర్సంటేజీని గరిష్ఠ మార్కులతో గుణించి వందతో భాగించండి. ఇక్కడ 76.33 ని 600 తో గుణించి, వందతో భాగిస్తే 457.98, అంటే 458. మెమోలో ఉన్నది 438. తేడా సరిగ్గా 20.

తర్వాత సబ్జెక్టుల మార్కులు వరసగా కూడాలి. ఆ అమ్మాయివి తెలుగు 74, ఇంగ్లీషు 68, మ్యాథ్స్ 91, ఫిజిక్స్ 57, కెమిస్ట్రీ 72, కంప్యూటర్స్ 76. కూడితే 438 వచ్చింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒకవేళ 458 వచ్చి ఉంటే టోటల్ గడిలో ఒక అంకె తప్పు పడిందని సరిపెట్టుకోవచ్చు. 438 వచ్చిందంటే మాత్రం ఏదో ఒక సబ్జెక్టులో 20 మార్కులు కలవలేదేమో అని అనుమానించాలి.

ఆ అమ్మాయి ఫోన్‌లో కాలేజీ నోటీసు బోర్డు ఫొటో ఉంది. ఎక్స్‌టర్నల్ 75, ఇంటర్నల్ 25 పద్ధతి. ఇంటర్నల్స్‌లో సరిగ్గా 20 వచ్చింది ఫిజిక్స్‌లో ఒక్కదానిలోనే. అది కలిస్తే 57 కాస్తా 77 అవుతుంది, టోటల్ 458, పర్సంటేజీ 76.33. లెక్క అతికినట్టు సరిపోయింది. 57 కూడా పాసు మార్కే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

అన్ని తేడాలూ తప్పులు కావు. 76.33 బదులు 76.34 ఉంటే అది రౌండ్ చేయడంలో వచ్చిన తేడా, దానికి లెటర్ అక్కర్లేదు. టోటల్‌ని పర్సంటేజీతో భాగించి వందతో గుణిస్తే 500 లాంటి గుండు అంకె వచ్చిందనుకోండి, ఏదో ఒక పేపర్‌ని టోటల్‌లోనూ పర్సంటేజీలోనూ కలపలేదన్నమాట. అది నిబంధనే కావచ్చు, మెమో వెనక్కి తిప్పి చదవండి. సీజీపీఏ ఉన్న మెమోలకైతే ఈ లెక్క పనికిరాదు. సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించే చోట్లున్నాయి, 0.75 తీసేసే చోట్లూ ఉన్నాయి. మీ యూనివర్సిటీ సూత్రం ఏదో చూసుకుని మరీ మాట్లాడాలి.

ఎవరికి రాయాలి?

పేపర్ దిద్దిన ఎగ్జామినర్‌కి కాదు. ఆయనెవరో మనకి తెలియదు, తెలుసుకుని కలవడానికి ప్రయత్నిస్తే అదే పెద్ద కేసవుతుంది. లెటర్ పరీక్షల నియంత్రణాధికారి పేరున, ప్రిన్సిపాల్ ద్వారా వెళ్లాలి. ఇంటర్నల్ మార్కులు పంపించేది కాలేజీయే కాబట్టి ప్రిన్సిపాల్ సంతకం ఇక్కడ మర్యాద కోసం కాదు, సాక్ష్యం కోసం.

రీవాల్యుయేషన్ అని మాత్రం రాయకండి. రీవాల్యుయేషన్ అంటే పేపర్ మళ్లీ దిద్దడం. రీకౌంటింగ్ అంటే జవాబు పత్రంలో వేసిన మార్కులు మళ్లీ కూడటం. మనం అడిగేది మెమోలో ఎక్కిన మార్కులు రికార్డుతో సరిచూడమని. మాట తప్పు పడితే ఫీజూ పోతుంది, పనీ కాదు. అయినా రీకౌంటింగ్ గడువు తేదీ ఒకసారి చూసుకోండి, ఈ లెటర్ కూడా ఆ లోపే వెళ్తే మంచిది. ఎక్స్‌టర్నల్‌లోనే తేడా అని తర్వాత తేలితే ఆ దారి మూసుకుపోకూడదు.

లెటర్ ఇలా

> తేదీ: ........
> పరీక్షల నియంత్రణాధికారి గారికి,
> (ప్రిన్సిపాల్ గారి ద్వారా)
>
> విషయం: మూడో సెమిస్టర్ మార్కుల మెమోలో టోటల్, పర్సంటేజీ సరిపోలకపోవడం, రికార్డులతో సరిచూడవలసిందిగా వినతి.
>
> అయ్యా,
> నేను బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని. హాల్ టికెట్ నంబరు ........, మెమో నంబరు ........
>
> నా మెమోలో టోటల్ 600కి 438 అని, పర్సంటేజీ 76.33 అని ఉన్నాయి. 438 మార్కులకు 73.00 శాతం రావాలి. 76.33 శాతానికి 458 మార్కులు ఉండాలి. తేడా 20 మార్కులు.
>
> మెమోలో ఫిజిక్స్ 57 అని ఉంది. కాలేజీలో ప్రకటించిన జాబితాలో నా ఫిజిక్స్ ఇంటర్నల్ మార్కులు 20. అవి మెమోలో కలిశాయో లేదో దయచేసి సరిచూడగలరు. ఏ అంకె సరైనదో రికార్డు ప్రకారం నిర్ణయించి, సవరించిన మెమో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.
>
> జతపరిచినవి: మెమో నకలు, ఇంటర్నల్ మార్కుల జాబితా (ప్రిన్సిపాల్ ధృవీకరణతో), హాల్ టికెట్ నకలు.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, చిరునామా, ఫోన్ నంబరు)

"ఏ అంకె సరైనదో" అన్న మాట వదలకండి. నాకు 20 మార్కులు కలపండి అని రాస్తే అది బేరంలా ఉంటుంది. పైగా రికార్డులో 57 మాత్రమే ఉంటే పర్సంటేజీయే 73కి దిగుతుంది, దానికి సిద్ధపడే రాయాలి. ఇంట్లో పరిస్థితులు, బాగా రాశానన్న నమ్మకం, ఎవరో నిర్లక్ష్యం చేశారన్న కోపం, ఇవేవీ లెటర్‌లోకి రానివ్వకండి. సెక్షన్ గుమాస్తాకి కావలసింది మూడు అంకెలు, ఒక నంబరు.

ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. మనిషి వెళ్లలేకపోతే అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టు. ఒరిజినల్ మెమో మాత్రం అడిగినప్పుడే ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. మెమో మీద పెన్నుతో గీత కూడా పెట్టకండి.

ఈ అమ్మాయి విషయంలో ఇంకో చిక్కొచ్చింది. నాన్నగారు మురిసిపోయి, అమలాపురం గడియార స్తంభం దగ్గర మెమోని అప్పటికే లామినేషన్ చేయించేశారు. సవరించిన మెమో ఇవ్వాలంటే పాతది వెనక్కి తీసుకుని రద్దు ముద్ర వేస్తారు. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదాయె. ఆ సంగతి కూడా లెటర్‌లో ఒక వాక్యం రాయించాను.

నెల దాటినా జవాబు లేకపోతే ఇన్‌వర్డ్ నంబరు వేసి గుర్తుచేస్తూ ఇంకో లెటర్ పెట్టండి. "మార్పు లేదు" అని ఒక్క ముక్కలో జవాబొస్తే సమాచార హక్కు చట్టం కింద మీ మార్కుల రికార్డు, జవాబు పత్రం నకలు అడగొచ్చు. సొంత జవాబు పత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీకి మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఆ అమ్మాయికి సవరించిన మెమో వచ్చింది, ఫిజిక్స్ 77. అక్కడితో ఆగకుండా వెబ్‌సైట్‌లో రిజల్ట్ కూడా తెరిచి చూడమన్నాను. అక్కడ ఇంకా 57 ఉంది. చివర్లో ఇచ్చే కన్సాలిడేటెడ్ మెమో తయారయ్యేది కంప్యూటర్లో ఉన్న మార్కుల నుంచే కాబట్టి, అదే ఇన్‌వర్డ్ నంబరుతో ఇంకో నాలుగు లైన్ల లెటర్ రాయాల్సి వచ్చింది.