హాస్టళ్లున్న ఊరి జనాభా పిరమిడ్‌ను ఎలా చదవాలి?

జనాభా పిరమిడ్ అంటే ఒక చోటి జనాన్ని వయసుల వారీగా అడ్డ పట్టీలతో చూపే బొమ్మ. అందులో ఎడమవైపు పురుషులు, కుడివైపు స్త్రీలు ఉంటారు. అయిదేళ్ల వయసుకు ఒక పట్టీ చొప్పున అడుగున 0-4తో మొదలై పైకి వెళ్తాయి. ముందుగా కింది గీత మీద ఉన్నవి మనుషుల సంఖ్యలో, శాతాలో చూడండి. రెండు ఊళ్లను పోల్చాలంటే శాతాలే కావాలి.

తరువాత మొత్తం ఆకారం కంటే ముందు కింది మూడు పట్టీలు చూడండి. కిందికి వచ్చేకొద్దీ పట్టీ పొడవవుతుంటే అది యువ జనాభా. నైజర్ దేశంలో దాదాపు సగం మంది 15 ఏళ్లలోపు వారే. పట్టీలు దాదాపు సమానంగా ఉండి, అంచులు నడివయసు దాకా నిలువుగా సాగితే స్థిర జనాభా. అడుగు కుంచించుకుపోయి, ఉబ్బు పైకి జరిగి ఉంటే వృద్ధాప్యం వైపు వెళ్తున్న జనాభా. జపాన్‌లో 65 దాటినవారు సుమారు 29 శాతం.

ఈ తేడాలకు ప్రధాన కారణం ఆయుర్దాయం కాదు, జననాలు. తరం నిలవాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7. కాబట్టి మన జిల్లాల పిరమిడ్ల అడుగు సన్నబడటం సహజమే. అయితే 0-4 పట్టీ ఒక్కదాన్నే నమ్మకండి. జనగణనలో పసిపిల్లలు లెక్కకు రాకుండా పోవడం మామూలే. 5-9 కూడా 10-14 కంటే పొట్టిగా ఉంటేనే జననాలు తగ్గాయని ధైర్యంగా చెప్పవచ్చు.

విజయవాడ, గుంటూరులలో ఇంకో చిక్కు ఉంది. కాలేజీల కోసం పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి హాస్టళ్లలో ఉంటారు. లక్ష మంది ఉన్న ఒక ప్రాంతాన్ని ఊహించుకుందాం. అక్కడ 0-4 వారు 6,000, 5-9 వారు 6,600, 10-14 వారు 7,500. ఆపై 15-19 ఒక్కసారిగా 12,000, 20-24 వారు 11,500, 25-29 మళ్లీ 9,000. పదిహేనేళ్లలోపు వారు 20.1 శాతమే. కానీ 15-24లో ఇరుగుపొరుగు పట్టీలకు సరిపడా ఒక్కోదానికి 8,500 ఉంచి, మిగిలిన 6,500 మందిని బయటివారిగా తీసేస్తే అదే పిల్లల వాటా 21.5 శాతం అవుతుంది. హాస్టళ్లు మొత్తం జనాభాను పెంచి ఊరిని ఉన్నదానికంటే ముసలిదిగా చూపించాయన్నమాట. అందుకే ఇలాంటిచోట పిల్లల శాతం కంటే పిల్లల పట్టీలను ఒకదానితో ఒకటి పోల్చడం మేలు. ఇక్కడ 5-9 కూడా 10-14లో 88 శాతమే. జననాలు నిజంగానే తగ్గుతున్నాయి. వృద్ధాప్యం వచ్చేసిందా అన్నది మాత్రం 60 పైన ఉన్న పట్టీలు చూశాకే తేల్చాలి.

ఆ ఉబ్బు పుట్టుకల వల్లనా, వలస వల్లనా అని ఇంకా సందేహముంటే పదేళ్ల తేడా ఉన్న రెండు జనగణనల పిరమిడ్లను పక్కపక్కన పెట్టండి. ఎక్కువగా పుట్టినవారి ఉబ్బు పదేళ్లకు రెండు పట్టీలు పైకి జరుగుతుంది. హాస్టళ్ల ఉబ్బు 15-24 దగ్గరే ఉంటుంది, మనుషులు మాత్రం మారిపోతారు.