గూడ్స్ లిఫ్ట్ బజర్ ఆగింది, కానీ బరువు తగ్గలేదు

మాది కాగితాల గోడౌన్. మూడో అంతస్తుకి సరుకు ఎక్కించే లిఫ్ట్ లోపల రేకు మీద 1000 కేజీలు అని ఉంటుంది. లిఫ్ట్ మొరాయించిందని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒకటే: లోపల ఏమేం ఉన్నాయి? సాధారణంగా బాక్సుల లెక్క ఒక్కటే చెబుతారు.

సమస్య: బజర్ మోగుతోంది, తలుపు మూసుకోవడం లేదు

మొన్న జరిగింది ఇదే. చెక్క ప్యాలెట్ మీద 40 బాక్సులు. 75 జీఎస్‌ఎం ఏ4 రీము బరువు 2.34 కేజీలు. పది రీములు, అట్టపెట్టెతో కలిపి బాక్సు 24 కేజీలు పడుతుంది. అంటే 960. "వెయ్యిలోపే కదండీ" అన్నాడు మా సూపర్‌వైజర్. చెక్క ప్యాలెట్‌ను ఎత్తి తోసే చేతి బండి, అంటే హ్యాండ్ ప్యాలెట్ 75, చెక్క ప్యాలెట్ 20, ఇద్దరు హమాలీలు 140 కలిపితే 1195 అయింది.

ఒక హమాలీ దిగాడు, బజర్ ఆగలేదు. రెండోవాడూ దిగాక ఆగింది, సరుకు పైకి వెళ్లింది. పని అయిపోయిందనుకున్నారు గానీ అప్పటికీ లోపల 1055 కేజీలు ఉన్నాయి. ఓవర్‌లోడ్ సెన్సార్‌ను సాధారణంగా కెపాసిటీ మీద పది శాతం దాటాక మోగేలా పెడతారు. మాది 1100 దగ్గర మోగుతుంది. ఆ మధ్య గ్యాప్‌లో లిఫ్ట్ నోరు మెదపదు. అందుకే బజర్‌ను తూకంలా వాడకూడదు.

పరిష్కారం: లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. వెయ్యిలోంచి ముందు హ్యాండ్ ప్యాలెట్, చెక్క ప్యాలెట్, మనుషుల బరువు తీసేసి, మిగిలినదే బాక్సులకు. ఇద్దరు ఎక్కితే 765 మిగులుతుంది, అంటే 31 బాక్సులు. ఒక్కడే ఎక్కితే 835, అంటే 34. మా ప్యాలెట్ మీద వరుసకు 8 పడతాయి కాబట్టి నాలుగు వరుసలు, 32 బాక్సులు, ఒక మనిషి అని గోడ మీద సున్నంతో రాయించాను. మొత్తం 933. రెండో హమాలీ ఎక్కితే 1003 అవుతుంది, వాడు మెట్ల మీద వస్తాడు. 80 జీఎస్‌ఎం బాక్సు 25 కేజీలు దాటుతుంది, అయినా ఈ లెక్కలో ఇముడుతుంది.

ఖాళీ లిఫ్ట్‌లో కూడా బజర్ మోగుతుంటే అది బరువు గొడవ కాదు. ఫ్లోర్ కింద ఏదో ఇరుక్కుని ఓవర్‌లోడ్ స్విచ్ నొక్కుకుపోయి ఉండొచ్చు. మెకానిక్‌ని పిలవాలి. అర్జెంటని ఆ స్విచ్ వైర్లు కలిపేసే ఎలక్ట్రీషియన్లను చూశాను, వాళ్లని గోడౌన్‌లోకి రానివ్వద్దు.

సమస్య: బజర్ లేదు, కానీ లిఫ్ట్ అంతస్తుకి కాస్త కిందే ఆగుతోంది

జాలీ గేటు ఉన్న పాత లిఫ్టుల్లో ఇది ఎక్కువ. చాలావాటికి ఓవర్‌లోడ్ సెన్సారే ఉండదు. అంగుళం మెట్టు పడుతుంది, ట్రాలీ చక్రం అక్కడే తన్నుకుంటుంది.

కారణం క్యాబిన్ తాడు రెండో కొసన వేలాడే కౌంటర్‌వెయిట్‌లో ఉంది. దాన్ని ఖాళీ క్యాబిన్ బరువుకి, కెపాసిటీలో దాదాపు సగం కలిపి కడతారు. సగం అనుకుంటే, వెయ్యి కేజీలు ఎక్కినప్పుడు మోటారూ బ్రేకూ మోసే తేడా 500 మాత్రమే. 1195 ఎక్కిస్తే ఆ తేడా 695. సరుకు 20 శాతమే పెరిగినా బ్రేకు మీద భారం 39 శాతం పెరిగింది.

ఎలా తేల్చుకోవాలంటే, ఒకసారి 500 కేజీలతో, మరోసారి ఖాళీగా నడిపి చూడండి. రెండుసార్లూ సమంగా ఆగి, నిండుగా ఉన్నప్పుడే దిగితే ముందు పై లెక్క మళ్లీ వేయండి. లెక్క వెయ్యిలోపే ఉన్నా దిగుతుంటే, లేదా ఖాళీగా గానీ 500 కేజీలతో గానీ తేడా వస్తుంటే, బ్రేకు లైనింగ్, లెవెల్ సెన్సార్లు చూడమని మెకానిక్‌కి చెప్పండి. అప్పటిదాకా లిఫ్ట్ ఆపేయడమే.

సమస్య: లెక్క సరిపోయింది, అయినా గడప వంగింది

మనవాళ్లు పట్టించుకోనిది ఇదే. నిండు హ్యాండ్ ప్యాలెట్ లోపలికి దొర్లేటప్పుడు, రెండు చిన్న చక్రాల కిందికి వచ్చే బరువంతా క్యాబిన్ అంచు మీదే ఉంటుంది. క్యాబిన్ ముందుకు ఒరుగుతుంది, క్యాబిన్‌ను పట్టాల వెంట నడిపే గైడ్ షూలు వాటికి రాసుకుని కీచుమంటాయి. మొత్తం వెయ్యిలోపే ఉన్నా ఆ అంచుకు అది ఎక్కువే. అమెరికా లిఫ్ట్ కోడ్ ఏఎస్‌ఎంఈ ఏ17.1 ప్రకారం మామూలు సరుకు లిఫ్ట్‌లో ఒక్క ట్రాలీ, దాని మీది సరుకు కలిసి కెపాసిటీలో నాలుగో వంతు దాటకూడదు. వెయ్యికి అది 250.

మీ లిఫ్ట్ హ్యాండ్ ప్యాలెట్ కోసమే కట్టిందా కాదా అన్నది రేకు మీద ఉండకపోవచ్చు. బిగించిన కంపెనీని కాగితం మీద అడగండి. మా లిఫ్ట్ దానికోసమే ఆర్డరిచ్చి కట్టించింది కాబట్టే 32 బాక్సులు ఒకే ప్యాలెట్ మీద పంపుతున్నాను. మీది కాకపోతే 30 కేజీల చదును ట్రాలీ మీద 8 బాక్సులు పెట్టండి, 222 అవుతుంది. అలాంటివి మూడు, ఇద్దరు మనుషులు కలిపి 806. మొదటి ట్రాలీని వెనక గోడ దాకా తోసి, చక్రాలకు అడ్డం పెట్టాకే రెండోది గడప దాటాలి.