మోకాళ్ల అరుగుదల: వ్యాయామం చేస్తుంటే నొప్పి పెరుగుతోందా?

"గుజ్జు అరిగిపోయిందన్నారు, నడవమన్నారు. నడిస్తేనేమో ఇంకా నొప్పి." ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ల దగ్గర నేను రోజూ వినే మాట ఇది. పోయినేడాది మా పెద్దమ్మ కూడా ఇదే అంది. ఆవిడకు 62 ఏళ్లు, గుంటూరులో మేడ మీద వాటాలో ఉంటుంది. ఆవిడకు ఎదురైన ఇబ్బందుల వరసలోనే చెబుతాను.

సమస్య: వాకింగ్ చేసిన రాత్రి వాపు, మర్నాడు లేవలేకపోవడం

కారణం: నడవడం తప్పు కాదు, ఒక్కసారే ఎక్కువ నడవడం తప్పు. పెద్దమ్మ పక్కింటావిడతో కలిసి మొదటి రోజే సిమెంటు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిచింది. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. నొప్పి తగ్గగానే మళ్లీ నాలుగు కిలోమీటర్లు. ఇలా నెలంతా గడిచింది.

పరిష్కారం: పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, మెత్తటి అడుగున్న బూట్లతో. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. చేస్తున్నప్పుడు నాలుగు వరకు వచ్చినా భయం లేదు. మర్నాటికల్లా మామూలు స్థాయికి రావాలి. రాలేదంటే ఆ రోజు మోతాదు ఎక్కువైనట్టే, కాస్త తగ్గించండి. పూర్తిగా మానేయొద్దు.

వాపున్న రోజుల్లో కదలని సైకిల్ మేలు. శరీరం బరువు చాలావరకు సీటు మీద ఉంటుంది కాబట్టి మోకాలికి అదురు ఉండదు. సీటు మాత్రం కిందికి ఉంచొద్దు. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు కిందికి ఉంటే మోకాలు మరీ మడతపడి, చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది.

సమస్య: మెట్లు దిగేటప్పుడు కాలు వణకడం, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోవడం

అసలు మాట ఇక్కడుంది. పెద్దమ్మ లేవడం చూశాను. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ముందుకు ఒరిగి, బరువంతా కుడికాలి మీదకు నెట్టి లేచింది. టేపుతో కొలిస్తే ఎడమ తొడ కుడిదానికన్నా రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంది.

కారణం: తొడ ముందు కండరమే మోకాలికి ఆసరా. మెట్టు దిగేటప్పుడు శరీరం ఒక్కసారిగా పడకుండా మెల్లగా దింపేది అదే. కీలులో వాపు, నొప్పి ఉంటే ఆ కండరానికి నరాల నుంచి అందాల్సిన ఆజ్ఞ తగ్గిపోతుంది. నొప్పికి భయపడి కాలు వాడకపోతే అది ఇంకా సన్నబడుతుంది. అప్పుడు భారం మళ్లీ కీలు మీదే.

పరిష్కారం: మొదటి రెండు వారాలు మంచం మీదే. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు. తొడ మీద చెయ్యి వేస్తే కండరం రాయిలా గట్టిపడడం తెలియాలి. తెలియకపోతే మడమతోనో నడుముతోనో నొక్కుతున్నారన్నమాట. అంకెలు బయటికి వినపడేలా లెక్కపెట్టండి, ఊపిరి బిగబట్టకుండా ఉంటారు. బీపీ ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం.

తర్వాత కుర్చీ. గోడకు ఆనించిన కుర్చీ మీద రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు చేయండి. పాదాలు కాస్త వెనక్కి పెట్టి, చేతులు ఆన్చకుండా లేవండి. కూర్చునేటప్పుడు మూడు అంకెల సేపు మెల్లగా దిగండి. ధబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే. ఎనిమిదిసార్లు, కాస్త ఆగి మళ్లీ ఎనిమిది. వారానికి మూడు రోజులు చాలు. మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోండి.

ఈలోగా మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయండి. రెయిలింగ్ వదలొద్దు.

సమస్య: నెలన్నరగా చేస్తున్నా బలం పెరగడం లేదు

కారణం: మొదటి రోజు చేసిందే చేస్తూ ఉండడం. సులువైపోయిన పనికి కండరం పెరగదు.

పరిష్కారం: ఒక దిండు తీసేయండి. రెండు వారాలకు రెండోదీ తీసేయండి. తేడా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అరిగిన గుజ్జు తిరిగి రాదు. నొప్పి తగ్గడం, కాలికి పట్టు రావడం మాత్రం వస్తాయి.

మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, మధ్యలో ఇరుక్కుని చాచలేకపోయినా, పిక్క ఉబ్బి నొప్పెడుతున్నా వ్యాయామం ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించండి.

పెద్దమ్మకు పదో వారంలో దిండ్లు లేకుండా లేవడం వచ్చింది. పాలప్యాకెట్ కోసం తనే మెట్లు దిగుతోంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాత్రం ఇప్పటికీ కుదరదు. అందుకే కూరగాయలు తరిగే కత్తిపీట తీసేసి, వంటగదిలో టేబుల్, ఎత్తు స్టూలు వేయించాం.